క్యాష్‌లెస్‌కి వెళ్ళాలా, మనమే కట్టి తర్వాత తెచ్చుకోవాలా?

ప్రశ్న: మాది సత్తుపల్లి. మా కారుకి మూడున్నరేళ్ళు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కానీ భాగాల తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ తీసుకోలేదు. మొన్న వర్షంలో మా తమ్ముడు నడుపుతుంటే డివైడర్‌కి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బంపర్, బానెట్, ఒక వైపు ఫెండర్, ముందు అద్దం పోయాయి. ఇన్సూరెన్స్ వాళ్ళ నెట్‌వర్క్ గ్యారేజీ ఖమ్మంలో ఉందట, అక్కడైతే క్యాష్‌లెస్ అంటున్నారు. ఇక్కడ మాకు తెలిసిన షెడ్డు ఉంది. అతను "రేపే పని మొదలుపెడదాం, బిల్లు ఎంత కావాలంటే అంత రాసిస్తాను, మీరు క్లెయిమ్ చేసుకోండి" అంటున్నాడు. క్యాష్‌లెస్ అయితే మన జేబులోంచి రూపాయి పోదని మా బాబాయి అంటున్నారు. ఏది మేలు? దేనికి ఏ కాగితాలు కావాలి?

సమాధానం: అన్నిటికంటే ముందు షెడ్డు అతనికి ఫోన్ చేసి, నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దని చెప్పండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే జరగాలి. ప్రైవేటు కార్ల స్టాండర్డ్ పాలసీలో ఒక షరతు ఉంటుంది, ఎవరూ చదవరు: కంపెనీ అనుమతి లేకుండా మీ అంతట మీరు రిపేరు చేయించుకోగలిగేది ఐదు వందల రూపాయల లోపు పనైతేనే. అదెప్పుడో పాత రోజుల్లో పెట్టిన అంకె, ఇప్పుడు ఐదు వందలకి ఏమొస్తుందన్నది వేరే సంగతి. షరతు మాత్రం అలాగే ఉంది. రేపు పొద్దున పాత బంపర్ పీకేసి, బానెట్ సాపు చేసేశాక సర్వేయర్ వస్తే అతనికి చూడ్డానికి ఏమీ ఉండదు. మనమే కట్టి తర్వాత తెచ్చుకునే రీయింబర్స్‌మెంట్ క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాగితాల దగ్గర కాదు.

ఇక మీ బాబాయి గారి మాట. క్యాష్‌లెస్ అంటే మన వాటా ఉండదని కాదండీ. కంపెనీ ఇవ్వాల్సిన వాటా నేరుగా గ్యారేజీకి ఇచ్చేస్తుంది, మన వాటా మనం కట్టి కారు తెచ్చుకుంటాం. ఆ వాటా ఎంతన్నది పాలసీని బట్టి, కారు వయసుని బట్టి తేలుతుంది కానీ క్యాష్‌లెస్సా, రీయింబర్స్‌మెంటా అన్నదాన్ని బట్టి మారదు. ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గిపోతుంది. అందుకే మీ కారు లెక్కే ఒకసారి వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకి నేను అనుకున్నవి, పన్నుతో కలిపి అనుకోండి.

బంపర్ తొమ్మిది వేలు అనుకుందాం. ప్లాస్టిక్ కాబట్టి కారు వయసు ఎంతైనా, వాడిన భాగం విలువ తగ్గిందని సగం తరుగు తీసేస్తారు, కంపెనీ ఇచ్చేది 4,500. బానెట్ పన్నెండు వేలు, ఫెండర్ నాలుగు వేలు. ఇవి ఇనుప భాగాలు, వీటికి తరుగు కారు వయసుతో పెరుగుతుంది, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు ఉన్న కారుకి 25 శాతం. అంటే బానెట్‌కి 9,000, ఫెండర్‌కి 3,000 వస్తాయి. ముందు అద్దం ఎనిమిది వేలు. గాజుకి తరుగు లేదు, మొత్తం ఇస్తారు. టింకరింగ్, బిగింపు కూలి ఏడు వేలు, కూలికీ తరుగు లేదు. పెయింటింగ్ పన్నెండు వేలకి ఒకే బిల్లు ఇచ్చారనుకోండి, అందులో పావు వంతు రంగు ఖరీదని లెక్క పెట్టి, ఆ మూడు వేలలో సగం తగ్గిస్తారు, కాబట్టి 10,500 వస్తుంది. మొత్తం బిల్లు 52,000 అయితే లెక్కలో నిలిచేది 42,000. ఇందులోంచి మళ్ళీ తప్పనిసరి కోత ఒకటుంది, 1500 సీసీ లోపు కారుకి వెయ్యి రూపాయలు, ఆ పైన రెండు వేలు. మీది చిన్న కారే అనుకుంటే చివరికి కంపెనీ ఇచ్చేది 41,000, మీరు పెట్టుకోవాల్సింది 11,000.

ఖమ్మంలో క్యాష్‌లెస్ అయితే కారు తీసుకునేటప్పుడు ఆ పదకొండు వేలు కడతారు. సత్తుపల్లిలో మీరే చేయించుకుంటే ముందు 52,000 కట్టి, తర్వాత 41,000 కోసం ఎదురుచూస్తారు. రెండు చోట్లా మీకు పడేది పదకొండు వేలే. ఇవి కాక ఆయిల్, కూలెంట్, నట్లు, క్లిప్పుల్లాంటి చిన్న సామాను ఉంటుంది. కన్స్యూమబుల్స్ కవర్ విడిగా తీసుకోకపోతే అది కూడా సాధారణంగా మీ మీదే పడుతుంది. ఇదీ రెండు చోట్లా ఒకటే.

మరి తేడా ఎక్కడంటే, కాగితాలు ఎవరు తయారు చేస్తారు, ఎవరు మోస్తారు అన్న దగ్గర.

క్యాష్‌లెస్‌లో మీరు ఇవ్వాల్సినవి తక్కువే. సంతకం పెట్టిన క్లెయిమ్ ఫారం, ఆర్‌సీ, పాలసీ, ప్రమాదం జరిగినప్పుడు బండి నడిపిన మనిషి లైసెన్సు. మీ విషయంలో అది మీ తమ్ముడి లైసెన్సు, మీదో మీ వారిదో కాదు. డిజిలాకర్‌లో ఉన్నా పనికొస్తుంది. క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కేవైసీ కోసం పాన్, ఆధార్ కూడా అడుగుతారు. ఎస్టిమేట్ వేయడం, సర్వేయర్‌తో మాట్లాడటం, పాత సామాను చూపించడం, బిల్లు కంపెనీ పేరు మీద కొట్టడం అంతా గ్యారేజీ చూసుకుంటుంది, ఎందుకంటే ఆ డబ్బు రావాల్సింది వాళ్ళకి. పని అయ్యాక కంపెనీ ఇంత భరిస్తుంది అని గ్యారేజీకి ఒక లెటర్ వస్తుంది. అది వచ్చాక మీ వాటా కట్టించుకుని బండి ఇస్తారు. ఆ లెటర్ కాపీ మీరూ ఒకటి అడిగి తీసుకోండి. ఏ భాగానికి ఎంత కోశారో అందులోనో, దానితో ఉన్న లెక్కలోనో ఉంటుంది. అది చూడకుండా డబ్బు కట్టొద్దు.

క్యాష్‌లెస్‌లో జాగ్రత్తగా ఉండాల్సిన కాగితం ఒకటే, శాటిస్‌ఫాక్షన్ వోచర్. పని నచ్చింది, బండి సరిగ్గా అందింది అని మీరు సంతకం పెట్టేది. కొన్ని చోట్ల బండి దింపిన రోజే మిగతా ఫారాలతో కలిపి దీని మీద కూడా సంతకం పెట్టించేసుకుంటారు. పెట్టకండి. బండి చేతికొచ్చాక, పగటి వెలుగులో బానెట్ రంగు పక్క డోర్లతో కలిసిందో లేదో, రెండు వైపులా బానెట్ సందు ఒకేలా ఉందో లేదో, అద్దం చుట్టూ నీళ్ళు పోస్తే లోపలికి కారుతున్నాయో లేదో చూసుకున్నాక పెట్టండి. ఆ సంతకం పడితే గ్యారేజీకి డబ్బు వచ్చేసినట్టే, తర్వాత మీ మాట వినడానికి వాళ్ళకి తొందరేమీ ఉండదు.

రీయింబర్స్‌మెంట్‌కి వస్తే పైన చెప్పినవన్నీ ఉంటాయి, వాటి మీద ఇంకొన్ని చేరతాయి. షెడ్డు వాళ్ళ ఎస్టిమేట్, ఫైనల్ బిల్లు, డబ్బు కట్టిన రసీదు, మీ బ్యాంకు ఖాతా వివరాలకి క్యాన్సిల్ చేసిన చెక్కు. పేరుకి నాలుగే, కానీ అసలు పని ఈ బిల్లులోనే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

మీ షెడ్డు అతను "ఎంత కావాలంటే అంత రాసిస్తా" అన్నాడు కదా. అతను మంచి మనసుతోనే అని ఉండొచ్చు, కానీ ఒప్పుకోవద్దు. ఎక్కువ రాయించడం మోసం కిందికి వస్తుంది, మొత్తం క్లెయిమే పోతుంది. పైగా దానివల్ల లాభమూ లేదు. సర్వేయర్ వేసిన లెక్క, మీరిచ్చిన బిల్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. సర్వేయర్ బానెట్‌కి పన్నెండు వేలు ఒప్పుకుంటే, మీరు పద్దెనిమిది వేల బిల్లు పెట్టినా పన్నెండు మీదే లెక్క. పది వేల బిల్లు పెడితే పది మీదే. కాబట్టి మీకు కావాల్సింది పెద్ద బిల్లు కాదు, సర్వేయర్ లెక్కకి వరసగా సరిపోయే బిల్లు.

అంటే ఎలా ఉండాలంటే, మీ బండి నంబరు ఉండాలి, బిల్లు నంబరు, తేదీ ఉండాలి, ఆ తేదీ సర్వే తర్వాతది అయ్యుండాలి. బంపర్, బానెట్, ఫెండర్, అద్దం దేనికది విడిగా పార్ట్ నంబరుతో రావాలి. కూలి వేరుగా, పెయింటింగ్ వేరుగా రావాలి. "బాడీ పని మొత్తం 52,000" అని ఒకే లైను రాసిచ్చిన కాగితం చూసి ఎవరూ తరుగు లెక్క కట్టలేరు, అది తిరిగొచ్చేస్తుంది. చాలా షెడ్లలో సామాను మనతోనే స్పేర్ పార్ట్స్ షాపులో కొనిపిస్తారు, అలా అయితే షాపు బిల్లు మీద కూడా మీ బండి నంబరు రాయించండి, తర్వాత చేత్తో రాసుకుంటే నమ్మరు. షెడ్డుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు. చిన్న షెడ్డుకి అది తప్పేమీ కాదు, పన్ను వేయకుండా మామూలు బిల్లు ఇస్తే చాలు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో పన్ను వేస్తే మాత్రం చిక్కే. అలాంటి షెడ్డు బిల్లు ఒప్పుకుంటారా అని కంపెనీని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో "పర్లేదండీ, పెట్టండి" అన్న మాట తర్వాత ఎక్కడా దొరకదు.

ఇంకొకటి, బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి? ఇది చాలా మందికి తెలియక రెండోసారి షెడ్డు చుట్టూ తిరుగుతారు. డబ్బు మనం కట్టినా, ఒప్పుకున్న మొత్తానికి బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ పేరు మీద ఉంటేనే ఆ కంపెనీ పన్ను క్రెడిట్ తీసుకోగలదని 2024 జూన్‌లో జీఎస్టీ వాళ్ళు సర్క్యులర్ ఇచ్చారు. అందుకని రిజిస్ట్రేషన్ ఉన్న గ్యారేజీలో చేయిస్తే, కంపెనీ వాటాకి ఒక బిల్లు వాళ్ళ పేరు మీద, మీ వాటాకి ఇంకో బిల్లు మీ పేరు మీద అడగొచ్చు. బిల్లు కొట్టాక మార్చడం గ్యారేజీకి తలనొప్పి, కాబట్టి కొట్టకముందే సర్వేయర్‌ని అడిగి, ఆయన ఏ పేరు, ఏ జీఎస్టీ నంబరు చెప్తే అదే రాయించండి.

పాత సామాను సంగతి. పగిలిన బంపర్, వంగిన బానెట్, ఫెండర్ షెడ్డులోనే పడుంటే రెండో రోజుకి పాత ఇనుము బండిలో వెళ్ళిపోతాయి. రీయింబర్స్‌మెంట్‌లో పని అయ్యాక చాలాసార్లు మళ్ళీ ఒకసారి చూస్తారు. కొత్తవి బిగించారా, పాతవి ఎక్కడ అని అడుగుతారు. పాతవి చూపించలేకపోతే కొత్తవి వేసినట్టు రుజువు చేసుకోవడం మీ పనవుతుంది, వాటి పాత ఇనుము విలువ కూడా తగ్గిస్తారు. క్లెయిమ్ డబ్బు మీ ఖాతాలో పడేదాకా వాటిని మీ ఇంటి వెనక పెట్టుకోండి. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు నంబరు ప్లేటు కనపడేలా ఫోటోలు తీయించండి.

విప్పాక లోపల ఇంకేదైనా దెబ్బ కనిపించడం మామూలే. బంపర్ వెనక పట్టీ వంగి ఉండొచ్చు, రేడియేటర్‌కి చీలిక ఉండొచ్చు. అప్పుడు పని ఆపి, అదనపు ఎస్టిమేట్ పంపించి, సర్వేయర్ మళ్ళీ చూశాకే మార్చాలి. క్యాష్‌లెస్‌లో ఇది గ్యారేజీ చేసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. షెడ్డులో అయితే మీరే ఫోన్ చేయాలి, మీరు మర్చిపోతే ఆ ఖర్చు మీదే.

షెడ్డుకి అనుకూలంగా కూడా ఒక మాట చెప్పాలి, న్యాయంగా. పెద్ద గ్యారేజీలు భాగాలు మార్చేయడానికే మొగ్గు చూపుతాయి. మంచి టింకరింగ్ మనిషి అదే ఫెండర్‌ని సాపు చేసి పెడతాడు. పైన లెక్కలో చూశారుగా, కొత్త ఫెండర్ వేస్తే అందులో వెయ్యి మీది. సాపు చేస్తే అది కూలి, కూలికి తరుగు లేదు. మీ వాటా తగ్గుతుంది, ఒరిజినల్ రేకు కూడా బండికే ఉంటుంది. కాకపోతే మారుస్తారా, సాపు చేస్తారా అన్నది సర్వే రోజే సర్వేయర్ ముందు మాట్లాడుకోవాలి. ఆయన మార్చమని రాసి, మీరు సాపు చేయించి, బిల్లు మాత్రం కొత్తదానికి పెడితే అది మళ్ళీ మోసమే.

మరి మీకు ఏది మేలు అంటే, నేనైతే ఖమ్మమే అంటాను. ముందు అద్దం, బానెట్, మొత్తం ముందు భాగం పెయింటింగ్ ఉన్న పని ఇది, యాభై వేల చుట్టూ తిరుగుతుంది, దానికి వరసగా బిల్లు రాసిచ్చే అలవాటు మీ షెడ్డు మనిషికి ఉన్నట్టు ఆయన మాటల్లో కనిపించలేదు. పదకొండు వేలతో అయ్యే పనికి యాభై రెండు వేలు బిగబట్టుకుని కూర్చోవడం ఎందుకు? దెబ్బ ఫెండర్ ఒక్కదానికే అయి, ఆరేడు వేలతో తేలిపోయేదైతే షెడ్డులోనే చేయించుకోండి, అసలు క్లెయిమే వద్దు, నో క్లెయిమ్ బోనస్ మిగుల్తుంది అని చెప్పేవాణ్ణి.

ఖమ్మానికి బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు, అద్దం పగిలింది, రేడియేటర్ ఎలా ఉందో తెలియదు. లాక్కెళ్ళే ఖర్చుకి స్టాండర్డ్ పాలసీ ఇచ్చేది ప్రైవేటు కారుకి 1,500 వరకే, అంతదూరానికి అది చాలదు. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, ఉంటే ఎన్ని కిలోమీటర్ల వరకో అడిగి వాళ్ళ బండే పిలిపించండి. లేకపోతే లాక్కెళ్ళినవాళ్ళ దగ్గర బిల్లు తీసుకోండి, ఆ పదిహేను వందలైనా వస్తాయి. బయల్దేరేముందు గ్యారేజీ పేరు ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ కేర్‌లోనో సరిచూసుకోండి. గ్యారేజీ గోడ మీద ఉన్న బోర్డు నమ్మొద్దు, ఒప్పందాలు ముగిసినా బోర్డులు అలాగే ఉంటాయి.

ఒకవేళ అక్కడికి వెళ్ళాక "క్యాష్‌లెస్ అవ్వలేదు" అన్నారనుకోండి, కంగారు పడకండి. క్యాష్‌లెస్ కాదంటే క్లెయిమ్ కొట్టేసినట్టు కాదు. ఎందుకు కాలేదో రాతపూర్వకంగా తీసుకోండి. కారణం గ్యారేజీ ఒప్పందమో, ఏదో కాగితం సరిచూడటం పెండింగో అయితే అదే క్లెయిమ్ నంబరు మీద రీయింబర్స్‌మెంట్‌గా మార్చమని అడగండి. సర్వే అప్పటికే అయిపోయి ఉంటే అది చెల్లుతుంది.

ప్రమాదం గురించి కంపెనీకి ఇంకా చెప్పకపోతే ఇవాళే చెప్పండి, వెంటనే తెలియజేయాలన్నది పాలసీలో మొదటి షరతు. నడిపింది తమ్ముడని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరికీ దెబ్బలు లేవు, ఇంకొకరి ఆస్తికి నష్టం లేదు అంటే మామూలుగా ఎఫ్‌ఐఆర్ అడగరు, డివైడర్ పగిలి ఉంటే మాత్రం ఆ సంగతి కూడా చెప్పి, పోలీసు కాగితం కావాలో వద్దో కంపెనీనే అడగండి. 2024 జూన్‌లో బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో ఆయన రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు, క్లెయిమ్‌కి నేరుగా సంబంధం ఉన్నవే అడగాలి. రిపేరు బిల్లులు కూడా క్యాష్‌లెస్ లేని చోటే అడగాలని అందులోనే ఉంది. కాబట్టి సంబంధం లేని కాగితం ఏదైనా అడిగితే ఎందుకు కావాలో మెయిల్‌లో రాయమనండి. గడువు దాటితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో కూడా పెట్టొచ్చు, ఫోన్ నంబరు 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, ఫీజు ఏమీ ఉండదు, లాయరూ అక్కర్లేదు. అప్పుడు అక్కరకొచ్చేవి సర్వే రిపోర్టు కాపీ, మీరు పంపిన మెయిళ్ళు. ఆ రిపోర్టు కాపీ మీకు ఇవ్వమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.